సీలు విప్పని పార్సిల్

రాత్రి ఎనిమిదిన్నర. అమీర్‌పేటలో ఒక హోటల్ నుంచి చికెన్ బిర్యానీ పార్సిల్ తీసుకుని రైడర్ బయల్దేరాడనుకుందాం. ఎస్.ఆర్.నగర్ మలుపు దాటేలోపే ఫోన్ మోగింది. ఆర్డర్ పెట్టినవాళ్లు వద్దనుకున్నారు. ఇంట్లో ఎవరో వండేశారో, ఊరికే మనసు మారిందో, కారణం ఏదైనా పార్సిల్ మాత్రం బండి మీదే ఉంది. వేడిగా ఉంది, మూతికి వేసిన సీలు అలాగే ఉంది, తినేవాళ్లే లేరు. హోటల్‌కు వెనక్కి తీసుకెళ్తే దాన్ని మళ్లీ అమ్మలేరు. రైడర్ దారిలో ఎవరికో ఇచ్చేయాలి, లేదంటే పారేయాలి.

ఈ చిక్కుకు జొమాటో 2024 నవంబర్ 10న ఒక మార్గం ప్రకటించింది. దాని పేరు ఫుడ్ రెస్క్యూ. సంస్థ అప్పటి అధినేత దీపిందర్ గోయల్ ఎక్స్‌లో పెట్టిన ఆ ప్రకటన ప్రకారం తమ యాప్‌లో నెలకు 4 లక్షలకు పైగా ఆర్డర్లు ఇలా రద్దవుతున్నాయి. ఇకపై రద్దయిన పార్సిల్, దాన్ని మోస్తున్న రైడర్‌కు మూడు కిలోమీటర్ల లోపల ఉన్న కస్టమర్ల యాప్‌లో కనిపిస్తుంది. కావాలనుకున్నవాళ్లు తక్కువ ధరకు దాన్ని తీసుకోవచ్చు. ఆ అవకాశం కొన్ని నిమిషాలే ఉంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు యాప్‌లో ఈ సౌకర్యం గురించి రెండు లైన్ల క్యాప్షన్ రాయమని ఎవరికైనా పని అప్పగిస్తే, వాళ్లు ఏం రాయాలి? చూడ్డానికి ఇది పది నిమిషాల పని. నిజానికి ఒక పూట పడుతుంది.

మొదటి ఇబ్బంది, ఇందులో లాభపడేవాళ్లు ఒక్కరు కారు. కొత్తగా తీసుకున్న కస్టమర్‌కు ధర తగ్గుతుంది. రద్దు చేసినవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఉంటే వాళ్లకు కొంత తిరిగి వస్తుంది. హోటల్‌కు ఒక వాటా దక్కుతుంది. రైడర్‌కు మొదట పార్సిల్ తీసుకున్న చోటి నుంచి చివరికి దింపిన చోటి వరకూ మొత్తం ప్రయాణానికి డబ్బు వస్తుంది. తిండి చెత్తకుప్పకు వెళ్లదు. ప్రభుత్వ పన్నులు తప్ప ఈ డబ్బులో తాము ఏమీ ఉంచుకోమని సంస్థ చెప్పింది. అన్నీ నిజాలే, అన్నీ మంచివే. అన్నిటినీ ఒకే క్యాప్షన్‌లో కుక్కితే చదివేవాడికి పెళ్లి విస్తరిలో పదహారు కూరలు ఒకేసారి వడ్డించినట్టుంటుంది. చెయ్యి ఎటు పెట్టాలో తెలియదు.

అందుకని అనుభవమున్న రచయితలు ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ తెరను ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? కస్టమర్ యాప్‌లో ఆకలితో ఉన్న మనిషి చూస్తాడు. అతనికి చెప్పాల్సింది ధర. రైడర్ యాప్‌లో చెప్పాల్సింది వేరు: ‘ఆర్డర్ రద్దయినా, తిరిగిన దూరమంతటికీ డబ్బు మీదే.’ హోటల్ వాళ్ల తెర మీద ఇంకొకటి: ‘రద్దయిన ఆర్డర్ అమ్ముడైతే మీ వాటా మీకు వస్తుంది.’ సౌకర్యం ఒకటే అయినా క్యాప్షన్లు మూడు. ఒక్కోదానిలో లాభం ఒక్కటే. తిండి వృథా కాకుండా ఆపుతున్నామన్న పెద్ద మాట ఈ మూడింటిలోనూ లేదు. అది పత్రికలకు ఇచ్చే ప్రకటనలో ఉండాల్సిన మాట. రాత్రి తొమ్మిదికి ఆకలితో ఫోన్ తెరిచినవాడిని అది కదిలించదు.

కస్టమర్ క్యాప్షన్ మొదటి చిత్తుప్రతి ఇలా రావచ్చు:

‘రద్దయిన ఆర్డర్ మీ దగ్గర్లోనే ఉంది. తక్కువ ధరకు తీసుకోండి.’

లాభం ఉంది, పొట్టిగా ఉంది, అర్థమవుతుంది. అయినా మన ఇళ్లలో ఎవరికైనా చదివి వినిపించి చూడండి. అమ్మమ్మ అయితే మొదట అడిగేది ధర గురించి కాదు. ‘ఎవరో వద్దన్న తిండి మనకెందుకే?’ అంటుంది. అడగనివాళ్ల మనసులో కూడా ఆ ప్రశ్న మెదులుతుంది. తెలుగువాళ్లకు ఎంగిలి అనే మాట చిన్నది కాదు. ఒకరి కోసం విప్పిన పొట్లం, ఒకరి ముందు పెట్టి తీసిన పళ్లెం అనగానే చెయ్యి వెనక్కి పోతుంది. ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులోకి మార్చిన క్యాప్షన్‌కు ఈ సంగతి పట్టదు. సంస్థ తన మూల ప్రకటనలో ప్యాకింగ్ చెక్కుచెదరకుండా ఉంటుందని చెప్పింది. అక్కడ అది నాలుగు వివరాల్లో ఒకటి. తెలుగులో అది ముందు వరసకు రావాలి:

‘ఎవరో రద్దు చేసిన పార్సిల్, సీలు విప్పలేదు. తక్కువ ధరకే మీకు.’

లాభం ఇప్పుడూ ఒక్కటే, తక్కువ ధర. ‘సీలు విప్పలేదు’ అన్నది రెండో లాభం కాదు. లాభం వినగానే పుట్టే మొదటి అనుమానానికి జవాబు. మంచి క్యాప్షన్ ఈ రెండింటితోనే నిలబడుతుంది. ఒక లాభం, దాని వెన్నంటే వచ్చే ఒక అనుమానం. మూడోది చేరిస్తే బరువైపోతుంది. అనుమానాన్ని వదిలేస్తే లాభం ఎంత గొప్పదైనా జనం నమ్మరు. ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ‘ఇది ఎంగిలి కాదు’ అని మాత్రం రాయకూడదు. కాదన్నా సరే ఆ మాట తెర మీదకు వచ్చిందంటే తిండి పక్కనే కూర్చుంటుంది.

ఆ సౌకర్యం పేరును తెలుగులోకి మార్చాలన్న ఉబలాటం కూడా కొందరికి ఉంటుంది. ‘ఆహార రక్షణ’ అంటే రేషన్ షాపు పథకంలా వినిపిస్తుంది. ‘ఆహార విముక్తి’ గురించి చెప్పనక్కర్లేదు. పేరును ఫుడ్ రెస్క్యూ అని అలాగే ఉంచి, లాభాన్ని మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పడమే దారి.

తెలుగు క్యాప్షన్‌కు ఇంకో చిక్కు వాక్య నిర్మాణంలోనే ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఫోన్ నోటిఫికేషన్‌లో తరచుగా ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది చుక్కల్లోకి పోతుంది. ‘మీ దగ్గర్లో ఎవరో రద్దు చేసిన ఆర్డర్‌ను అసలు ప్యాకింగ్‌తో తక్కువ ధరకు కొన్ని నిమిషాల్లోనే…’ అని ఆగిపోతే, ఆ ఆర్డర్‌ను ఏం చేయాలో తెలియదు. కొనాలా, చూడాలా, ఎవరికైనా పంపాలా? ఇంగ్లిష్‌లో క్రియ ముందుగా వచ్చేస్తుంది కాబట్టి తోక తెగినా విషయం మిగులుతుంది. తెలుగులో తోకలోనే విషయం ఉంటుంది. అందుకే ఒక పొడుగాటి వాక్యం బదులు రెండు పొట్టి వాక్యాలు రాయాలి. మొదటి వాక్యం క్రియతో సహా మొదటి లైన్‌లో ముగిసిపోవాలి.

అక్షరాల లెక్క కూడా మనకు వేరు. కంప్యూటర్ దృష్టిలో ‘ర్లో’ అనేది ఒక అక్షరం కాదు, నాలుగు. ర, పొల్లు, ల, ఓత్వం అని విడివిడిగా లెక్కపెడుతుంది. పైన రాసుకున్న మొదటి చిత్తుప్రతినే తీసుకుంటే, మనం చదివే అక్షరాలు అందులో 24. యూనికోడ్ లెక్కలో అవే 48. మధ్యలో ఉన్న ఏడు ఖాళీలు, రెండు చుక్కలు కలిపితే 57. ఎస్సెమ్మెస్ అయితే ఈ తేడా డబ్బులతో సహా తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగు వంటి యూనికోడ్ లిపులకు హద్దు 70. సీలు మాట చేర్చిన రెండో ప్రతి 60కి వచ్చింది కాబట్టి ఒకే సందేశంలో పడుతుంది. దానికి ‘ఆఫర్ కొద్ది నిమిషాలు మాత్రమే’ అని తోక తగిలిస్తే రెండు సందేశాలవుతాయి, ఖర్చు కూడా రెట్టింపవుతుంది. లక్షల మందికి పంపే సంస్థకు అది చిన్న మొత్తం కాదు.

ఇక హద్దుల సంగతి. ఐస్‌క్రీములు, షేకుల వంటి త్వరగా పాడయ్యేవాటికి ఈ సౌకర్యం లేదని సంస్థ మొదటే చెప్పింది. దూరం మూడు కిలోమీటర్ల లోపే. ఇవి క్యాప్షన్‌లో ఉండాల్సిన పనిలేదు, ఎందుకంటే ఐస్‌క్రీమ్ పార్సిల్ అసలు ఎవరికీ కనిపించదు. కానీ మరో హద్దు మాత్రం క్యాప్షన్ వ్యాకరణాన్నే మార్చేస్తుంది. రద్దు అనేది ఎవరి చేతిలోనూ లేదు. ఈ రాత్రి మీ వీధి చుట్టుపక్కల ఎవరూ ఆర్డర్ రద్దు చేయకపోతే మీకు చూపించడానికి ఏమీ లేదు. కాబట్టి సౌకర్యం వచ్చిందని ఊరందరికీ చెప్పే ప్రకటనలో ‘మీకు తక్కువ ధరకే భోజనం’ అని రాస్తే అది నిలబెట్టుకోలేని మాట. అక్కడ ‘కనిపిస్తే’ అన్న పదం తప్పనిసరి: ‘రద్దయిన పార్సిల్ దగ్గర్లో కనిపిస్తే, తక్కువ ధరకు మీరే తీసుకోవచ్చు.’ నిజంగా పార్సిల్ ఉండి, తెర మీద కార్డు వచ్చిన క్షణాన మాత్రం ‘కనిపిస్తే’ అక్కర్లేదు, ‘ఉంది’ అనొచ్చు. ఒకే సౌకర్యానికి ప్రకటన రోజు ఒక క్రియ, వాడే రోజు ఇంకో క్రియ. చాలా యాప్‌లు ఒకే వాక్యాన్ని రెండు చోట్లా అతికించి, ‘రోజూ తెరుస్తున్నా ఏమీ రావడం లేదు’ అనే ఫిర్యాదులు తెచ్చుకుంటాయి.

ఈ వివరాలన్నిటినీ ‘షరతులు వర్తిస్తాయి’ అన్న రెండు ముక్కల కింద దాచేయొచ్చు కదా అనిపించవచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకోవు. పెద్ద అక్షరాల్లో చెప్పినదాన్ని కింద చిన్న అక్షరాల్లో కాదనడానికి వీల్లేదు. ప్రకటన ఏ భాషలో ఉందో షరతు కూడా అదే భాషలో ఉండాలి. అంటే పైన తెలుగులో ఊరించి, కింద ఇంగ్లిష్‌లో మెలిక పెట్టకూడదు. మన ఫోన్లలో ఇప్పటికీ అలాంటివి తగులుతూనే ఉంటాయన్నది వేరే కథ. ధర గురించి మాట్లాడే క్యాప్షన్‌కు 2023 నవంబర్ 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు కూడా వర్తిస్తాయి. వాటిలో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో ఒకటి, ముందు ఒక ధర చూపించి చివరి తెర దాకా వచ్చాక అదనపు రుసుములు బయటపెట్టడం. ప్లాట్‌ఫాం ఫీజు అనే కొత్త పద్దు 2023లో రెండు రూపాయలతో మొదలైనప్పుడు స్విగ్గీ ముందుగా ఎంచుకున్న నగరాల్లో బెంగళూరుతో పాటు హైదరాబాద్ కూడా ఉంది. కాబట్టి ‘తక్కువ ధర’ అనే క్యాప్షన్ పక్కన చూపించే అంకె ఈ రుసుములు కలిపినదా కాదా అన్నది రాసేవాళ్లు అడిగి తెలుసుకోవాలి. డిజైనర్ చెప్పలేదంటే కుదరదు.

అనుమానాన్ని వదిలేసిన క్యాప్షన్ ఏమవుతుందో చూడ్డానికి జొమాటోదే ఇంకో ప్రకటన ఉంది. 2022 మార్చి 21న ఆ సంస్థ పది నిమిషాల్లో భోజనం అందించే సేవను ప్రకటించింది. లాభం ఇంతకంటే స్పష్టంగా ఉండదు. పది అనే ఒక్క అంకె చాలు. అయితే చదివినవాళ్లలో చాలామందికి తమ పళ్లెం కనిపించలేదు, ట్రాఫిక్‌లో దూసుకెళ్లే బండి కనిపించింది. రైడర్ల ప్రాణాల మాటేమిటని దేశమంతా నిలదీసింది. గోయల్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జనం ఎక్కువగా అడిగే వంటకాలను దగ్గర్లోనే సిద్ధంగా ఉంచుతామని, దూరం తగ్గడం వల్లే సమయం తగ్గుతుందని, ఆలస్యమైతే రైడర్‌కు జరిమానా గానీ త్వరగా వెళ్తే బహుమానం గానీ ఉండవని చెప్పారు. జవాబు సిద్ధంగానే ఉంది. వాక్యం కిందే ఉండాల్సింది గొడవ తర్వాత వచ్చింది.

రెండున్నరేళ్ల తర్వాత స్విగ్గీ అదే పది నిమిషాల మాటను బోల్ట్ పేరుతో తెచ్చింది. 2024 అక్టోబర్‌లో మొదలైన ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఈసారి ప్రకటనతోనే దూరం చెప్పారు: రెండు కిలోమీటర్ల లోపలి హోటళ్లు మాత్రమే. వండటానికి సమయం పట్టని, లేదా బొత్తిగా వండనక్కర్లేని పదార్థాలే ఇందులో ఉంటాయన్నారు. ఏది బోల్ట్ ఆర్డరో ఏది మామూలు ఆర్డరో రైడర్‌కు తెలియదని, వేగానికి ప్రత్యేక ప్రోత్సాహకం లేదని కూడా చేర్చారు. అంకె అదే, పది. ‘రెండు కిలోమీటర్లు’ అన్న మాట పక్కన చేరేసరికి బండి వేగం స్థానంలో హోటల్ దగ్గరితనం కనిపించింది. పది నిమిషాల సేవల మీద విమర్శలు ఆగిపోయాయని కాదు, అవి ఇప్పటికీ ఉన్నాయి. కానీ చదివేవాడి మనసులో పుట్టే మొదటి బొమ్మను మార్చే పని అక్కడ జరిగింది.

కొన్నిసార్లు అనుమానం కస్టమర్‌ది కాదు, పక్కింటివాళ్లది. 2024 మార్చి 19న జొమాటో పూర్తి శాకాహారుల కోసం ప్రత్యేక రైడర్ల బృందాన్ని ప్రకటించింది. వాళ్లకు ఎర్రటి దుస్తుల బదులు ఆకుపచ్చ దుస్తులు, ఆకుపచ్చ పెట్టెలు. శాకాహారికి లాభం ఒక్కటే, అదీ స్పష్టంగా ఉంది: తన పప్పుచారు మాంసం మోసే పెట్టెలో రాదు. ఆ లాభాన్ని చెప్పడంలో వాక్యం తప్పేమీ లేదు. రంగు మాత్రం చెప్పకూడనిది చెప్పేసింది. ఎర్ర దుస్తుల రైడర్ గేటు దగ్గర ఆగితే లోపల ఏం తింటున్నారో వీధికంతటికీ ప్రకటించినట్టే. మాంసం తినేవాళ్లకు ఇల్లు అద్దెకివ్వని యజమానులు మన నగరాల్లో తక్కువేం కాదు. మరుసటి రోజే సంస్థ వెనక్కి తగ్గింది. బృందం ఉంటుంది, దుస్తులు అందరివీ ఎరుపే అని చెప్పింది. అద్దెకున్నవాళ్లు యజమానులతో ఇబ్బంది పడవచ్చన్న సంగతిని గోయల్ తన ప్రకటనలో ఒప్పుకున్నారు.

ఏ అనుమానమూ లేని సౌకర్యాలు కూడా ఉంటాయి. అక్కడ రచయితకు పని తక్కువ. 2024 ఆగస్టులో జొమాటో పాత ఆర్డర్లను జాబితా నుంచి చెరిపేసే వీలు కల్పించింది. అర్ధరాత్రి తెప్పించుకున్న తిండి సంగతి ఆర్డర్ల చిట్టా చూసి భార్యకు తెలిసిపోతోందని ఒక కస్టమర్ అంతకుముందు సరదాగా మొరపెట్టుకున్నాడు. గోయల్ ప్రకటన మొదటి వాక్యం ఆ కస్టమర్ ఇక హాయిగా నిద్రపోవచ్చన్న అర్థంలో మొదలైంది. రెండో వాక్యం సౌకర్యం ఏమిటో చెప్పింది. అక్కడితో ఆపి ఉంటే క్యాప్షన్ రాసేవాళ్లకు పాఠంగా చూపించవచ్చు. ఆ తర్వాత ఇది ఎందుకు ఆలస్యమైందో, ఎన్ని వ్యవస్థలను, మైక్రోసర్వీసులను ముట్టుకోవాల్సి వచ్చిందో కూడా చెప్పారు. కష్టపడ్డ ఇంజినీర్లకు ఆ మాట దక్కాల్సిందే. భార్యకు దొరికిపోకుండా ఉండాలనుకునే మనిషికి మాత్రం మైక్రోసర్వీసులతో పనిలేదు. దీన్నే తెలుగు తెర మీద రాయాల్సి వస్తే ‘పాత ఆర్డర్లను ఇక చెరిపేయొచ్చు’ అంటే సరిపోతుంది. ఎందుకు చెరిపేయాలో ఎవరి కారణం వాళ్లకు ఉంటుంది.

మళ్లీ ఎస్.ఆర్.నగర్ మలుపు దగ్గరికి వద్దాం. బిర్యానీ రద్దయింది. ఎర్రగడ్డలో హాస్టల్ గదిలో ఉన్న కుర్రాడి ఫోన్‌లో కార్డు వెలిగింది. సీలు విప్పలేదన్న మాట చదివాడు, ధర చూశాడు, పక్క మంచం మీది స్నేహితుడిని తింటావా అని అడిగాడు. అతను సరే అనేలోపు కార్డు మాయమైంది. అదే మూడు కిలోమీటర్లలో ఇంకెవరో నొక్కేశారు. ఇప్పుడు అతని తెర మీద ఏదో ఒకటి రాసి ఉండాలి. ‘లోపం సంభవించింది’ అని వస్తే డబ్బు పోయిందేమోనని కంగారు పడతాడు. ‘క్షమించండి, ఈ ఆఫర్ ముగిసింది’ అంటే యాప్ ఆశపెట్టి లాగేసుకున్నట్టుంటుంది. ‘ఈ పార్సిల్ వేరేవాళ్లు తీసుకున్నారు. మీ డబ్బు కట్ కాలేదు.’ ఇక్కడా అదే లెక్క, మొదటి వాక్యం జరిగిన సంగతి, రెండోది అతని అనుమానానికి జవాబు. ఆ రెండు వాక్యాలు రాయడం చాలా యాప్‌లలో ఆఖరి నిమిషం దాకా ఎవరికీ గుర్తుండదు.